మీ పనిని సహోద్యోగి తనదిగా చెప్పుకుంటుంటే ఏం చేయాలి

నెలవారీ మీటింగ్‌లో మా టీమ్‌లోని ఒకతను లేచి, "నేను ఈ ఫిర్యాదులన్నీ చదివితే ఒక విషయం తేలింది" అని మొదలుపెట్టాడు. ఆ ఫిర్యాదులు చదివింది నేను. మూడు వారాలు కూర్చుని 412 ఫిర్యాదులు ఒక్కొక్కటిగా చదివాను. కస్టమర్లకు డబ్బు వాపసు ఎందుకు ఆలస్యమవుతోందో వెతికి, తొమ్మిది పేజీల రిపోర్టు రాశాను. 412లో 260 ఫిర్యాదులు ఒకే చోట ఆగిపోతున్నాయి. అవతలివాళ్లు ముందు సంతకం పెట్టాలని రెండు విభాగాలూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తున్నాయి. మీటింగ్‌లో అందరూ మెచ్చుకున్నది ఆ ఒక్క విషయాన్నే. సాయంత్రం మేనేజర్ నుంచి అతనికి అభినందన మెయిల్ వచ్చింది, కాపీ టీమ్ మొత్తానికి. అందులో నా పేరు లేదు.

అప్పుడు నేను చేసింది తప్పు. మర్నాడు కారిడార్‌లో కనిపించగానే "నా పని నీదని చెప్పుకున్నావు" అన్నాను. అతను వెంటనే "స్లైడ్లు నేను చేయలేదా? పాత లెక్కల పట్టికలు నేను తేలేదా?" అన్నాడు. అతను చెప్పింది నిజమే. నా దగ్గర జవాబు లేదు. రెండు నిమిషాల్లో మాట తెగిపోయింది, మనస్పర్థ మాత్రం నెలన్నర ఉండిపోయింది. తర్వాత అదే మనిషితో అలాంటి పరిస్థితే మళ్లీ వచ్చింది. ఈసారి వరస మార్చి చేస్తే పని జరిగింది. ఆ వరసే ఇక్కడ చెప్తాను. ఇది ఒకే హోదాలో ఉన్న ఇద్దరి మధ్య జరిగే సంగతి. పై అధికారి మీ క్రెడిట్ తీసుకోవడం వేరే సమస్య, దాని గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను.

ముందు ఒక రోజు ఆగండి

కోపం వచ్చిన రోజే మాట్లాడొద్దు. ఆ ఒక్క రోజులో తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: అతను కావాలని చేశాడా, మాటల్లో దొర్లిందా, లేక చూసేవాళ్లే అలా అనుకున్నారా?

ఈ మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అతను మీటింగ్‌లో "మేము" అనే అని ఉండొచ్చు, నిలబడి మాట్లాడింది తనే కాబట్టి మేనేజర్ అతనికే మెయిల్ పెట్టి ఉండొచ్చు. అప్పుడు సరిచేయాల్సింది మేనేజర్ మనసులో ఉన్న లెక్కను. అతను "నేను" అని ఉంటే ఒకసారా, మాటమాటకా అని గుర్తు చేసుకోండి. అన్నిటికంటే ఎక్కువ తెలిపేది ఇంకొకటుంది. దిద్దుకునే అవకాశం వచ్చినప్పుడు అతను దిద్దుకున్నాడా? "ఇది ఎలా కనిపెట్టావు?" అని ఎవరైనా అడిగితే, నోరు జారినవాడు కూడా అక్కడ "అది తను చూసింది" అని మీవైపు చూపిస్తాడు. మా మీటింగ్‌లో మేనేజర్ సరిగ్గా అదే ప్రశ్న అడిగారు. అతను "చాలా టైమ్ పట్టింది సార్" అన్నాడు.

మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. చాలా జంటల్లో ఇద్దరి వాటాలూ కలిపితే మొత్తం కంటే ఎక్కువే వచ్చింది. అబద్ధం చెప్పాలని కాదు. ఎవరు చేసిన పని వాళ్లకు వెంటనే గుర్తొస్తుంది, అవతలివాళ్లు చేసింది అంత తేలిగ్గా గుర్తురాదు. ఆఫీసులో కూడా ఇదే జరుగుతుంది. నాకు 412 ఫిర్యాదులు గుర్తున్నాయి. పాత రికార్డుల కోసం అతను ఇంకో విభాగం చుట్టూ నాలుగు రోజులు తిరిగింది గుర్తులేదు. అందుకే కారిడార్‌లో అతను ఆ మాట అనగానే నేను తెల్లమొహం వేశాను.

అదే రోజు నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి

మాట్లాడటానికి ఆగమన్నాను కానీ రాయడానికి ఆగొద్దు. వారం దాటితే ఎవరేమన్నారో మాటలు మారిపోతాయి, ముఖ్యంగా మన జ్ఞాపకంలో.

రాయాల్సింది తక్కువే: తేదీ, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు, అతను అన్న మాట ఉన్నదున్నట్టుగా, దాని తర్వాత ఏం జరిగింది. నేను రాసుకున్నది ఇలా ఉంది:

"మంగళవారం నెలవారీ మీటింగ్. మేనేజర్‌తో కలిపి ఏడుగురం. 'నేను ఈ ఫిర్యాదులన్నీ చదివితే ఒక విషయం తేలింది' అన్నాడు. ఎలా కనిపెట్టావని మేనేజర్ అడిగితే 'చాలా టైమ్ పట్టింది సార్' అన్నాడు. నా పేరు రాలేదు. నేను కూడా ఏమీ అనలేదు. సాయంత్రం అతనికి అభినందన మెయిల్, కాపీ అందరికీ."

ఇందులో "దొంగిలించాడు", "ఎప్పుడూ ఇంతే" లాంటి మాటలు లేవు. అవి నా అభిప్రాయాలు, జరిగినవి కావు. ఈ కాగితం రేపు ఎవరైనా చూడాల్సి వస్తే, అభిప్రాయం కనిపించిన చోట చదివేవాళ్లు మీ మాట మీద నమ్మకం తగ్గించుకుంటారు. నేను ఏమీ అనలేదన్న లైన్ కూడా ఉండాలి. అది రాయడానికి మనసొప్పదు, కానీ తర్వాత అదే పనికొస్తుంది.

ఎవరు ఏం చేశారో విడదీయండి

"ఈ పని నాది" అన్న మాట ఎప్పుడూ ఓడిపోతుంది. నలుగురు చెయ్యేసిన పనిలో ఏదో ఒక ముక్క అవతలివాళ్లది ఉంటుంది, వాళ్లు ఆ ముక్కనే పట్టుకుంటారు. కాబట్టి మొత్తం పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎదురుగా పేరు రాయండి. పరిశోధనా పత్రికలు ఈ సమస్యతోనే విసిగి, రచయితల పేర్ల వరస చాలదని, 14 రకాల పాత్రలతో ఒక జాబితా వాడటం మొదలుపెట్టాయి. ఆలోచన ఎవరిది, సమాచారం ఎవరు సేకరించారు, మొదటి డ్రాఫ్ట్ ఎవరు రాశారు, ఎవరు దిద్దారు అని విడివిడిగా చెప్పాలి. మనకు 14 అక్కర్లేదు, అయిదారు చాలు.

నా రిపోర్టుకు వేసుకున్న లెక్క ఇది:

- ఫిర్యాదులు చూడాలన్న ఆలోచన: మేనేజర్
- 412 ఫిర్యాదులు చదివి వర్గీకరించడం: నేను
- పాత లెక్కల రెండు పట్టికలు: అతను
- ఆలస్యానికి కారణం కనుక్కోవడం: నేను
- రిపోర్టు రాయడం: నేను
- స్లైడ్లు, మీటింగ్‌లో చెప్పడం: అతను

అతని పేరు రెండుచోట్ల వచ్చింది. ఇది చూశాక నా ఫిర్యాదు మారిపోయింది. అతను నా పని మొత్తం కొట్టేశాడు అనుకున్నదల్లా, రెండో ముక్క, నాలుగో ముక్క తన పేరు మీద చెప్పుకున్నాడు అన్నదిగా తేలింది. ఇలా చిన్నదయ్యాకే దాన్ని కాదనడం ఎవరికైనా కష్టం.

ఇప్పుడు ఒక్కో ముక్కకు ఆధారం చూసుకోండి. గూగుల్ డాక్స్‌లో అయితే File మెనూలో Version history ఉంటుంది. ఏ రోజు ఎవరు ఏ భాగం రాశారో రంగుల్లో చూపిస్తుంది. దీంట్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఫైల్‌కు ఎవరైనా Make a copy కొడితే, కొత్త కాపీలో పాత చరిత్ర రాదు. కాపీ చేసినవాళ్ల పేరుతోనే మొదలవుతుంది. పది మందికీ తిరిగేది ఆ కాపీ అయితే, అందులో మీ ఆనవాలు ఉండదు. కాబట్టి మీ అసలు ఫైల్‌ను తీసేయకుండా ఉంచండి, ముఖ్యమైన దశ ముగిసినప్పుడల్లా Name current version తో ఒక పేరు పెట్టండి. పాత వెర్షన్లు కొన్నాళ్లకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు, పేరు పెట్టినది వెతకడం తేలిక.

ఎక్సెల్, వర్డ్ ఫైళ్లలో File, ఆ తర్వాత Info నొక్కితే Author, Last Modified By కనిపిస్తాయి. వీటి మీద ఎక్కువ ఆధారపడొద్దు. Author పేరు ఎవరైనా మార్చుకోవచ్చు, Last Modified By చివరిగా సేవ్ చేసినవాళ్లనే చూపిస్తుంది. మూడు వారాలు పనిచేసినవాళ్ల పేరు, చివర్లో ఒక కామా మార్చినవాళ్ల పేరు కిందకు పోతుంది. ఫైల్ లోపలి గుర్తుల కంటే, ఆ ఫైల్‌ను జతచేసి మీరు పంపిన మెయిలే గట్టి ఆధారం. దాని మీద తేదీ ఉంటుంది, అందుకున్నవాళ్ల దగ్గర కూడా ఒక ప్రతి ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఆధారాలు దాచుకోవాలని ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. చాలా సంస్థల్లో అది నిబంధనల ఉల్లంఘన. మీ ఫిర్యాదు పక్కకు పోయి, మీమీదే విచారణ మొదలవుతుంది. మీ సొంత నోట్స్‌లో తేదీ, ఏం చేశారు అన్నంత వరకే రాసుకోండి. అసలు ఫైళ్లు ఆఫీసులోనే ఉండనివ్వండి.

పని జరుగుతుండగానే మెయిల్ పెట్టడం అలవాటు చేసుకోండి

జరిగాక ఆధారాలు వెతకడం కంటే, జరగకముందే మేనేజర్‌కు తెలిసేలా చేయడం ఎన్నో రెట్లు మేలు. క్రెడిట్ తారుమారయ్యేది ఎక్కువగా పనికీ మీటింగ్‌కూ మధ్య ఉన్న ఖాళీలోనే. మూడు వారాలు నేను తలవంచుకుని చదువుతూ కూర్చున్నాను. మేనేజర్‌కు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ పనిలో ఏం తేలిందో ఆయనకు తెలిసిన మొదటి క్షణం, అతను లేచి నిలబడిన క్షణం. ఆయన్ని తప్పుపట్టి ఏం లాభం?

రెండోసారి డ్రాఫ్ట్ అవగానే, మీటింగ్‌కు నాలుగు రోజుల ముందు, ఈ మెయిల్ పంపాను. సహోద్యోగిని కూడా కాపీలో పెట్టాను:

"సార్, గత నెల ఫిర్యాదులు 180 చదవడం పూర్తయింది. మొదటి డ్రాఫ్ట్ జతచేశాను. సంతకాల దగ్గర ఆలస్యం తగ్గింది, ఇప్పుడు బ్యాంకు వివరాలు తప్పు పడటం పెద్ద కారణంగా కనిపిస్తోంది. మూడో పేజీలో ఉంది. పాత నెలలతో పోల్చే పట్టిక తను ఇచ్చాడు, స్లైడ్లు కూడా తనే చేస్తున్నాడు. మీటింగ్‌లో పోలిక తను, కారణాల భాగం నేను చెబుదామనుకుంటున్నాం."

ఇందులో గొప్పలు లేవు, ఫిర్యాదు లేదు. అతని పని అతని పేరుతోనే ఉంది. ఇది మర్యాద కోసమే కాదు. తన పేరు సరిగ్గా ఉన్న మెయిల్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అతను అప్పుడు అభ్యంతరం చెప్పలేదంటే, అందులో నా పేరు ఎదురుగా ఉన్నది కూడా ఒప్పుకున్నట్టే. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. ఏ భాగం ఎవరు చెప్తారన్నది మీటింగ్‌కు ముందే తేలిపోయింది.

నోటిమాటగా పుట్టే ఆలోచనలకు కూడా ఇదే దారి. టీ తాగుతూ చెప్పిన ఐడియా ఎవరిదని తర్వాత తేల్చడం దాదాపు అసాధ్యం. విన్నవాళ్లకు మాట గుర్తుంటుంది, ఎవరన్నారో మర్చిపోతారు. కొన్నాళ్లకు అది తమకే తట్టిందని నిజంగానే అనుకుంటారు. విలువైనది అనిపిస్తే అదే రోజు "ఇందాక మాట్లాడుకున్న దాని గురించి" అని రెండు లైన్లు రాసి పంపేయండి.

మీటింగ్‌లోనే జరిగితే

అందరి ముందు "అది నేను చేశాను" అనడం ఎప్పుడో తప్ప పనిచేయదు. గదిలో వాతావరణం బిగుసుకుంటుంది, విషయం పోయి గొడవ మిగులుతుంది. దానికి బదులు, చేసినవాళ్లకు మాత్రమే తెలిసే ఒక వివరం కలపండి. ఆ మొదటి మీటింగ్‌లో నేను ఇలా అని ఉండాల్సింది:

"ఆ 412 ఫిర్యాదులు చదువుతున్నప్పుడు నాకు ఇంకొకటి కూడా కనిపించింది. ఆగిపోయినవాటిలో ఎక్కువ శుక్రవారం సాయంత్రం వచ్చినవే. పట్టిక నా దగ్గర ఉంది, కావాలంటే చూపిస్తాను."

ఇందులో ఎవరినీ ఏమీ అనడం లేదు. కానీ చదివింది ఎవరో అక్కడున్న అందరికీ తెలిసిపోతుంది. తర్వాతి ప్రశ్నలు మీవైపే వస్తాయి. ఆ వివరం నిజమైనదై ఉండాలి, చేతిలో సిద్ధంగా ఉండాలి. అందుకే మీ పని గురించి జరిగే ఏ మీటింగ్‌కైనా, రిపోర్టులో లేని రెండు వివరాలు రాసుకుని వెళ్లండి.

ఇక సూటిగా మాట్లాడటం

సంఘటన జరిగిన రెండు మూడు రోజుల్లోపు మాట్లాడాలి. మొదటిరోజు కోపం మాట్లాడుతుంది. పది రోజులు దాటితే "ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నావా?" అంటారు, అప్పుడు మాట దాని మీదకు పోతుంది. ఇద్దరే ఉండే చోటు చూసుకోండి. చాట్‌లో మాత్రం మొదలుపెట్టొద్దు. రాతలో గొంతు వినపడదు, మామూలు మాట కూడా నిలదీసినట్టే ఉంటుంది.

వెళ్లేముందు మూడు విషయాలు ఖాయం చేసుకోండి: మాట్లాడేది ఏ ఒక్క సంఘటన గురించి, ఆ రోజు వినిపించిన మాట ఏది, మీరు అడిగేది ఏమిటి. పాత సంఘటనలు అయిదు ఉన్నా ఒక్కదాన్నే తీయండి. అయిదూ చెప్తే అతను వాటిలో బలహీనమైనదాన్ని ఎంచుకుని దాని మీదే వాదిస్తాడు. ఆధారాల ఫైల్ చేతిలో పట్టుకెళ్లొద్దు. అది చూడగానే అతను ముద్దాయిలా మాట్లాడటం మొదలుపెడతాడు.

ఆ నెల మీటింగ్‌లో నేను నా భాగం చెప్పాను. కానీ రెండు రోజుల తర్వాత అతను పై విభాగానికి పంపిన సారాంశంలో మళ్లీ "నేను గమనించింది" అని రాశాడు. దాని గురించి మాట్లాడింది ఇలా సాగింది. మేమిద్దరం నువ్వు అని పిలుచుకుంటాం. మీ మధ్య మీరు అనే అలవాటుంటే ఆ రోజు కూడా అదే ఉంచండి, పిలుపు మారిందంటే గొడవకు వచ్చారనే అర్థం.

"ఒక పది నిమిషాలు మాట్లాడాలి, ఇప్పుడు వీలవుతుందా?"

"చెప్పు."

"నిన్న పైకి పంపిన సారాంశంలో, బ్యాంకు వివరాల సంగతి 'నేను గమనించింది' అని ఉంది. ఆ ఫిర్యాదులు చదివి అది రాసింది నేను. నా పేరు ఎక్కడా లేదు. చూడగానే బాధేసింది. ఏమైంది?"

ఆ తర్వాత నేను ఆగిపోయాను. ఇక్కడ మాట్లాడకుండా ఉండటమే అన్నిటికంటే కష్టం. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉండి "పోనీలే, పెద్ద విషయం కాదులే" అనేస్తాం, అంతటితో పని పాడైపోతుంది. "ఏమైంది?" అని నిజంగానే అడగాలి. అతని జవాబు మీద మిగతాదంతా ఆధారపడుతుంది.

"అరే, అలా కాదు. తొందరలో రాసేశాను. స్లైడ్లలో ఉన్నదే ఎక్కించాను."

"సరే, అర్థమైంది. కానీ వాళ్లకిప్పుడు అది నువ్వు చేసినట్టే తెలుసు. అదే మెయిల్‌కి జవాబుగా, ఫిర్యాదుల విశ్లేషణ నేను చేశానని ఒక్క లైన్ రాస్తావా? ఇవాళ సాయంత్రంలోపు."

దిద్దుబాటు అతని చేత్తోనే రావాలని అడగడానికి కారణం ఉంది. అదే మాట నేను రాస్తే వాటా కోసం వచ్చినట్టు ఉంటుంది. అతను రాస్తే, తోటివాళ్ల పని గుర్తించే మనిషిగా కనిపిస్తాడు. అంటే అతనికీ అందులో నష్టం లేదు. "ఇకమీదట ఇలా చేయకు" అని అడిగితే తల ఊపుతారు, రేపు మర్చిపోతారు. ఒక లైన్, ఒక మెయిల్, ఒక సాయంత్రం అని అడిగితే జరిగిందో లేదో మీకు తెలుస్తుంది.

జవాబులు అన్నీ ఇంత తేలిగ్గా రావు. "అందరం కలిసే కదా చేశాం" అన్నది ఎక్కువగా వినపడేది. దానికి ముందుగా వేసుకున్న ముక్కల లెక్క పనికొస్తుంది: "అవును, పట్టిక, స్లైడ్లు నీవే. ఆ మాట నేను సార్‌కి రాశాను కూడా. ఫిర్యాదుల భాగం నాది. ఎవరి భాగం వాళ్ల పేరుతో పోవాలంటున్నాను." ముందు అతని వాటా మీ నోటితో చెప్పేసరికి అతనికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

"ఇంత చిన్నదానికా?" అంటే, చిన్నదా పెద్దదా అన్న వాదనలోకి దిగొద్దు. "నాకు చిన్నది కాదు. ఏడాది చివర్లో నా పనిని అంచనా వేసేది ఇలాంటివి చూసే" అని చెప్పి, మళ్లీ ఆ లైన్ దగ్గరకే రండి.

పూర్తిగా అడ్డం తిరిగి "కాదు, అది నేనే కనిపెట్టాను" అన్నారనుకోండి. అప్పుడు మాత్రం "సరే, అసలు ఫైల్ తెరిచి ఇద్దరం కలిసి చూద్దాం" అనండి. ఫైల్ పక్కపక్కన కూర్చుని చూడాలి, మొహం మీదకు చూపించకూడదు. గొంతు పెరిగితే "రేపు మాట్లాడుకుందాం" అని లేచిపోండి. అరుపుల మధ్య ఒప్పుకున్నది నిలవదు.

మాట్లాడాక

అదే రోజు అతనొక్కడికే ఒక చిన్న మెసేజ్ పెట్టండి: "ఇందాక మాట్లాడినందుకు థాంక్స్. సాయంత్రం ఆ లైన్ పంపుతానన్నావు. వచ్చే నెల నుంచి సారాంశం పంపేముందు ఇద్దరం చూసుకుందాం." మేనేజర్‌ను కాపీలో పెట్టొద్దు. పెడితే, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడిన మాటకు విలువ పోతుంది. ఈ మెసేజ్ మీ ఇద్దరికీ గుర్తుగా ఉంటుంది. అతను మాట తప్పితే, మీరు ముందు అతనితోనే మాట్లాడారనడానికి ఆధారంగా కూడా ఉంటుంది.

తర్వాత రెండు మూడు సందర్భాలు గమనించండి. మార్పు వచ్చిందో లేదో మీటింగ్‌లో మీ ముందు అతను మాట్లాడే తీరు కంటే, మీరు లేని చోటికి వెళ్లే కాగితాల్లో బాగా తెలుస్తుంది. సారాంశాలు, పైకి పోయే మెయిళ్లు, స్లైడ్ల చివరి పేజీ చూడండి.

మేనేజర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

మాట్లాడాక కూడా మళ్లీ జరిగితే వెళ్లాలి. ఆ పని మీ ప్రమోషన్‌కో, ఏడాది సమీక్షకో నేరుగా తగిలేదైతే, సమీక్ష తేదీ దగ్గర్లోనే ఉంటే, రెండోసారి జరిగే వరకు ఆగక్కర్లేదు.

వెళ్లినప్పుడు మనిషి గుణం గురించి చెప్పొద్దు. "తను ఎప్పుడూ క్రెడిట్ కొట్టేస్తాడు" అంటే మేనేజర్‌కు ఇద్దరి గొడవ వినిపిస్తుంది, తీర్పు చెప్పాల్సిన పని తన మీద పడిందని విసుగొస్తుంది. పనిని గురించి చెప్పండి:

"సార్, ఫిర్యాదుల రిపోర్టుల్లో ఎవరు ఏం చేశామన్నది మీకు సరిగ్గా చేరినట్టు లేదు. మార్చి, ఏప్రిల్ రెండు నెలల్లోనూ విశ్లేషణ నేను చేశాను, పోలిక పట్టికలు, స్లైడ్లు తను చేశాడు. పైకి వెళ్లిన రెండు సారాంశాల్లో విశ్లేషణ కూడా తన పేరు మీదే ఉంది. ఒకసారి తనతో మాట్లాడాను, మళ్లీ అలాగే జరిగింది. వచ్చే నెల నుంచి సారాంశంలో ఎవరి భాగం ఎదురుగా వాళ్ల పేరు రాసే పద్ధతి పెడదామా?"

రెండు సంఘటనలు, మీరు చేసిన ప్రయత్నం, ఒక పద్ధతి. ఆధారాలు చూపించమంటేనే చూపించండి. మేనేజర్ "మీరిద్దరే తేల్చుకోండి" అని తప్పుకోవచ్చు. అలాగైనా మీరు అడిగిన పద్ధతిని మీ మెయిళ్లలో మీరే మొదలుపెట్టండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ పైవాళ్లే మీ పని తమ పేరుతో చెప్పుకుంటుంటే ఈ దారి సగమే పనికొస్తుంది. ముందు చూడాల్సింది, అది మీ ఉద్యోగంలో భాగమా కాదా అన్నది. మేనేజర్ ప్రసంగం రాయడం, ఆయన పేరుతో వెళ్లే నివేదిక తయారుచేయడం చాలాచోట్ల ఉద్యోగమే. అక్కడ పైన పేరు అడగలేం. కానీ సమీక్షలో "ఈ నివేదిక తయారుచేసింది నేను" అని రాయించుకోవచ్చు, ఆ మాట ముందే అడిగి ఒప్పించుకోవాలి. అలా కాకుండా మీ సొంత పనినే తీసుకుంటుంటే, తేదీలతో నోట్స్ ఉంచుకోవడం, పని జరుగుతుండగానే మెయిళ్లు పెట్టడం మానొద్దు. సూటిగా మాట్లాడేముందు మాత్రం, మీ సమీక్ష ఎవరి చేతిలో ఉందో, ఆ సంస్థలో ఇంకెవరితో మాట్లాడగలరో చూసుకుని వెళ్లండి.

మా సంగతిలో ఆ సాయంత్రం ఆరు గంటలకు లైన్ వచ్చింది: "ఫిర్యాదుల విశ్లేషణ, కారణాలు తను చేసింది. నిన్న రాయడం మర్చిపోయాను." మర్చిపోయాడా లేదా అని నేను మళ్లీ అడగలేదు. తర్వాతి నెల సారాంశం పంపేముందు అతనే నా దగ్గరకు పంపాడు. నా భాగం ఎదురుగా నా పేరు ఉంది, పట్టిక ఎదురుగా అతని పేరు లేదు. అది నేను చేర్చి పంపాను.